మిత్తి లక్షకు, చేతికొచ్చింది తొంభై మూడు వేలు

లోను శాంక్షన్ అయిందన్న కబురు ఈ రోజుల్లో కాగితం రూపంలో కంటే ముందు వాట్సాప్‌లో ఫొటోగా వస్తుంది. బ్రాంచిలో బల్ల మీద పెట్టి తీసిన ఫొటో, కాస్త వంకరగా, ఒక మూల ఎవరిదో వేలు కనిపిస్తూ. పైన లావు అక్షరాల్లో లోను మొత్తం, దాని కింద వడ్డీ శాతం, నెలసరి వాయిదా ఉంటాయి. తీసుకునేవాళ్ల కళ్లు ఆ మూడు అంకెల దగ్గరే ఆగిపోతాయి. లోను ఎంతకు పడుతుందో చెప్పే అంకెలు మాత్రం ఆ కిందెక్కడో, ఒక్కోసారి ఫొటోలో పడని రెండో పేజీలో ఉంటాయి.

ఒక లెటరును పట్టుకుని చివరిదాకా లెక్క చేసి చూద్దాం. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద టైలరింగ్ షాపు నడుపుతున్న ఒకామె కొత్త మిషన్ల కోసం ఒక ఫైనాన్స్ కంపెనీలో లక్ష రూపాయలు అడిగిందనుకోండి. షాపు, ఆమె, లెటరు అన్నీ లెక్క కోసం నేను అల్లినవే. లెటరులో ఇలా ఉంది: లోను 1,00,000 రూపాయలు, గడువు 24 నెలలు, వడ్డీ ఏడాదికి 24 శాతం, తగ్గుతున్న బాకీ మీద. నెలకు వాయిదా 5,287 రూపాయలు.

ఇరవై నాలుగు శాతమంటే రంగారెడ్డి జిల్లాలో ఎవరికైనా వెంటనే అర్థమయ్యే మాట ఒకటుంది: రెండు రూపాయల మిత్తి. నూటికి నెలకు రెండు రూపాయలు. ఊళ్లో మిత్తికి ఇచ్చేవాళ్లు మూడు రూపాయలు అడుగుతుంటే కంపెనీ రెండుకే ఇస్తోందని ఆమె సంతోషిస్తుంది. పోల్చి చూడటానికి ఈ కొలత మంచిదే, చివరిదాకా దాన్నే వాడుకుందాం. అయితే అది నిజంగా రెండు రూపాయలేనా అన్నదే ప్రశ్న.

మసక అంకెను పట్టుకునేది లెక్కే

ముందు ఫొటో సంగతి. వాట్సాప్ మామూలుగా పంపిన బొమ్మను కుదిస్తుంది, సన్న అక్షరాలు అలుక్కుపోతాయి. అదే ఫొటోను డాక్యుమెంటుగా పంపమంటే కుదించకుండా వస్తుంది. పేజీలన్నీ ఉన్నాయో లేదో అడుగున ఉండే పేజీ నంబరు చెబుతుంది. మూడులో ఒకటో పేజీ అని ఉంటే మిగతా రెండూ అడిగి తెప్పించుకోవాలి. అంత చేసినా ఒకటి రెండు అంకెలు మసకగానే ఉంటాయి. మూడా ఎనిమిదా, ఒకటా నాలుగా అని తేలదు.

ఇక్కడ ఊహించాల్సిన పని లేదు. లోను మొత్తం, వడ్డీ రేటు, నెలల సంఖ్య, వాయిదా అనే ఈ నాలుగింటిలో ఏ మూడు తెలిసినా నాలుగోది తనంతట తానే తేలిపోతుంది. ఫోనులో ఏ స్ప్రెడ్‌షీట్ తెరిచినా ఈ ఒక్క వరుస చాలు:

```
=PMT(24%/12, 24, -100000)
```

జవాబు 5,287 రూపాయల 11 పైసలు. వాయిదాలో మూడో అంకె 8 లాగానూ 3 లాగానూ కనిపిస్తోందనుకోండి. 5,237 అయితే రేటు 23 శాతం దగ్గరకు దిగాలి, లెటరులో 24 అని స్పష్టంగా ఉంది కాబట్టి అది ఎనిమిదే. మసకగా ఉన్నది రేటు అయితే, 24 బదులు 21 అనుకుంటే, వాయిదా 5,139 రావాలి. రాలేదు కాబట్టి అది 24.

చార్జీలకు కూడా ఇలాంటి కాపలా ఒకటుంది. ప్రాసెసింగ్ ఫీజు మీద జీఎస్టీ 18 శాతం. ఫీజు 3,000 లాగానూ 8,000 లాగానూ కనిపిస్తే పక్కనున్న పన్ను అంకె చూడాలి. 540 అని ఉంటే మూడు వేలు, 1,440 అని ఉంటే ఎనిమిది వేలు. ఎలాంటి లెక్కకూ పొసగని అంకె ఎదురైతే అది ఫొటో తప్పు కాకపోవచ్చు, లెటరులోనే మెలిక ఉండొచ్చు. ఆ మెలికల్లో అన్నిటికంటే పాతదాని సంగతి కాసేపట్లో చెబుతాను.

కోతలు ఎక్కడెక్కడ ఉన్నాయి

మన లెటరులో కోతలు మూడు చోట్ల ఉన్నాయి. వాయిదా కిందే ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం అని ఉంది, పన్నుతో కలిపి 3,540. రెండో పేజీలో షరతుల మధ్య డాక్యుమెంటేషన్ చార్జీలు 500, పన్నుతో 590. ఆ కింద ఇంకో వాక్యం: రుణగ్రహీత ప్రాణానికి గ్రూపు బీమా, ప్రీమియం 2,950. ఈ మూడో దానికి పక్కన సంతకం పెట్టే గడి, అందులో సమ్మతి అని ముందే ప్రింటై ఉంది. మొత్తం కలిపితే 7,080. ఆమె ఖాతాలో పడేది 92,920.

ఈ 92,920 అన్న అంకె లెటరులో ఎక్కడా లేకపోవచ్చు. డబ్బు పడ్డాక బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్‌లో మాత్రం తప్పకుండా ఉంటుంది. నన్నడిగితే ఈ లెక్క మొత్తానికీ కీలకం అదే. లెటరు తల మీద రాసిన మొత్తం కంపెనీ పుస్తకంలోది. చేతికొచ్చిన మొత్తం, చేతిలోంచి పోయే వాయిదా, ఈ రెండే తీసుకునేవాళ్లవి. రేటు ఈ రెండింటి నుంచి తీయాలి తప్ప పుస్తకంలోని అంకె నుంచి కాదు.

కొన్ని కంపెనీలు బీమాను కోయవు, లోనుకు కలుపుతాయి. లక్ష అడిగితే లెటరులో 1,02,950 అని ఉంటుంది. చేతికి ఎక్కువ వచ్చినట్టు కనిపిస్తుంది గానీ ఆ 2,950 నేరుగా బీమా సంస్థకు పోతుంది, దాని మీద రెండేళ్లూ 24 శాతం వడ్డీ కట్టేది మాత్రం ఆమె. అడిగిన దానికంటే బేసి అంకె ఎక్కువగా కనిపిస్తే ఆ తేడా ఎక్కడిదో వెతకండి, చాలాసార్లు ప్రీమియం దగ్గర దొరుకుతుంది.

ఏడు వేలు ఎనిమిది శాతం ఎలా అయింది

ఇప్పుడు అసలు లెక్క. లక్షకు ఏడు వేలంటే ఏడు శాతం, రెండేళ్లకు పంచితే ఏడాదికి మూడున్నర, కాబట్టి 24కు మూడున్నర కలిపి 27న్నర అని ఎవరైనా అనుకుంటారు. తెలివైన వాళ్లు కూడా ఇక్కడే జారతారు. అసలు జవాబు 31.9 శాతం. కోతల వల్ల పెరిగింది మూడున్నర కాదు, దాదాపు ఎనిమిది.

కారణం, ఆ లక్ష రెండేళ్లూ ఆమె దగ్గర ఉండకపోవడం. మొదటి నెల వడ్డీ 2,000 పోగా వాయిదాలో మిగిలిన 3,287 అసలులోంచి తగ్గుతుంది. నెలనెలా అలా తరుగుతూ ఏడాది నిండేసరికి బాకీ 55,900 దగ్గరకు వస్తుంది. రెండో ఏడాది ఆమె వాడుకునేది అంతకంటే తక్కువే. మొత్తం మీద సగటున ఆమె చేతిలో ఉన్న అప్పెంతో లెటరులోని అంకెలతోనే తేల్చొచ్చు. కట్టేది 5,287 చొప్పున 24 సార్లు, అంటే 1,26,888. అందులో లక్ష పోగా వడ్డీ 26,888, ఏడాదికి 13,444. ఇది ఏ మొత్తం మీద 24 శాతం అవుతుంది? 56,000 మీద. అంటే రెండేళ్లలో సగటు అప్పు లక్ష కాదు, యాభై ఆరు వేలు. చార్జీలను మాత్రం లక్ష మీద లెక్కగట్టి మొదటి రోజే కోసేశారు. చార్జీలకు తరుగుడు ఉండదు.

ఈ సగటు చేతికి చిక్కితే కాగితం మీదే సుమారు రేటు కట్టేయొచ్చు. వడ్డీ 26,888కు చార్జీలు 7,080 కలిపితే 33,968, ఏడాదికి 16,984. సగటు అప్పు 56,000 లోంచి కోతలో సగం, 3,500 చిల్లర, తీసేయాలి. ఆ డబ్బు మొదటినుంచీ ఆమె చేతికి రాలేదు గదా. మిగిలేది 52,500కు కాస్త తక్కువ. భాగిస్తే 32 శాతం పైన కొద్దిగా వస్తుంది. అసలు జవాబుకు అరశాతం తేడా. షాపు కౌంటరు మీద చేసే లెక్కకు ఇది చాలు.

ఖచ్చితమైన జవాబు కావాలంటే మళ్లీ స్ప్రెడ్‌షీట్:

```
=RATE(24, -5287, 92920)*12
```

లోపల జరిగేదేమిటంటే, ఈ ఫార్ములా ఒక నెలసరి రేటును ఊహిస్తుంది. ఆ రేటుతో 24 వాయిదాలనూ ఈ రోజు విలువకు తగ్గించి కూడితే 92,920 వస్తుందా అని చూస్తుంది. ఎక్కువ వస్తే రేటు పెంచుతుంది, తక్కువ వస్తే దించుతుంది, సరిపోయేదాకా తిరుగుతుంది. సూత్రంతో ఒక్క దెబ్బకు తేలే జవాబు కాదు కాబట్టే ఇలా తడిమి పట్టుకోవాలి. మనకు దొరికేది నెలకు 2.66, పన్నెండుతో గుణిస్తే 31.9. ఫార్ములాలో వాయిదాకు ముందున్న మైనస్ గుర్తు మరిస్తే మాత్రం తప్పు చూపించి ఆగిపోతుంది. వచ్చే డబ్బు, పోయే డబ్బు ఎదురెదురు గుర్తులతో ఉండాలి.

మన కొలతలో చెబితే, రెండు రూపాయల మిత్తి అనుకున్నది రెండు రూపాయల అరవై ఆరు పైసలైంది.

ఈ పద్ధతి నా సొంతం కాదు. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15న ఒక సర్క్యులర్ ఇచ్చింది. లోను తీసుకునేవారికి అన్ని ఖర్చులూ ఒకచోట చూపే పత్రం, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, ఇవ్వాలని అందులో చెప్పింది. దాంతోపాటు లెక్క ఎలా కట్టాలో ఒక నమూనా కూడా జతచేసింది. అందులో లోను 20,000, గడువు రెండేళ్లు, వడ్డీ 15 శాతం, చార్జీలు 400, చేతికొచ్చేది 19,600. వాళ్లు తేల్చిన వార్షిక రేటు 17.07 శాతం. ఆ అంకెలను పైన ఇచ్చిన ఫార్ములాలో పెట్టి చూశాను. వాయిదాను పైసలతో సహా, 969.73గా తీసుకుంటే సరిగ్గా అదే వస్తుంది. అంటే రిజర్వు బ్యాంకు కూడా నెల రేటును పన్నెండుతో గుణిస్తోంది తప్ప చక్రవడ్డీ కట్టడం లేదు. ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది. ఎవరైనా ఇదే లోనుకు 37 శాతం అని చెబితే అది అబద్ధం కాదు, చక్రవడ్డీ పద్ధతి. కానీ ఒక కంపెనీ అంకెను ఒక పద్ధతిలో, ఇంకో కంపెనీ అంకెను ఇంకో పద్ధతిలో తీసి పోల్చకూడదు.

బీమాను విడిగా చూడాలి

మూడు కోతల్లో కాస్త ఆగి చూడాల్సింది బీమా. అది తీసేస్తే చేతికి 95,870 వస్తుంది, రేటు 28.5 శాతానికి దిగుతుంది. అంటే 2,950 రూపాయల ప్రీమియం ఒక్కటే ఏడాదికి 3.4 శాతం మోసుకొచ్చింది.

అలాగని బీమా దండగ అనను. సంపాదించే మనిషి పోతే బాకీ ఇంటివాళ్ల మీద పడకుండా ఉండటం చిన్న విషయం కాదు. అడగాల్సింది వేరు. రక్షణ మొత్తం లక్ష స్థిరంగా ఉంటుందా, బాకీతోపాటు తగ్గుతుందా? గడువు 24 నెలలేనా? నామినీ ఎవరు? లోను ముందే తీర్చేస్తే మిగిలిన కాలానికి ప్రీమియంలో ఎంత వెనక్కిస్తారు? ధ్రువపత్రం ఏది? ఈ చివరి ప్రశ్నకు జవాబు రాకపోతే మిగతా వాటికి వచ్చినా లాభం లేదు. కాగితం చేతిలో లేని బీమాకు క్లెయిము చేయడం ఇంటివాళ్ల వల్ల కాదు.

లెక్కలో బీమాను ఎక్కడ పెట్టాలన్న విషయంలో నియమం స్పష్టంగానే ఉంది. బీమా, న్యాయ సలహా వంటి బయటి సంస్థల చార్జీలను లోను ఇచ్చే సంస్థే వసూలు చేస్తే వాటిని కూడా వార్షిక రేటులో కలపాలని 2024 సర్క్యులర్ చెబుతోంది. అయినా వేరే దరఖాస్తు మీద సంతకం తీసుకుని, ఇది మీరు విడిగా కొనుక్కున్నదే అంటూ పత్రంలో చూపకుండా వదిలేసే వీలుంటుంది. దాన్ని పట్టుకునేది బ్యాంకు మెసేజే. పత్రంలో నికరంగా ఇచ్చే మొత్తం 95,870 అని రాసి, ఖాతాలో 92,920 పడితే, ఆ 2,950 ఎటుపోయిందో చెప్పాల్సింది కంపెనీ.

బీమాలాగే అమాయకంగా కనిపించేది ఇంకొకటి, అడ్వాన్సు వాయిదా. మొదటి ఈఎంఐ ఇప్పుడే పట్టుకుంటున్నాం, మీకే ఒక నెల తగ్గుతుంది అంటారు. మన ఉదాహరణలో 5,287 ముందే కోస్తే చేతికొచ్చేది 87,633, మిగిలిన వాయిదాలు 23. రేటు 35.1 శాతానికి ఎక్కుతుంది, అంటే రెండు రూపాయల తొంభై రెండు పైసల మిత్తి. వాయిదా ముందే తీసుకుని వడ్డీ మాత్రం పూర్తి లోను మొత్తం మీద వేయడం తమ తనిఖీల్లో బయటపడిందని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 29న సంస్థలన్నిటికీ రాసింది. డబ్బు చేతికిచ్చిన రోజు నుంచి కాకుండా శాంక్షన్ రోజు నుంచో, ఒప్పందం రోజు నుంచో వడ్డీ వేయడాన్ని కూడా అదే ఉత్తరంలో తప్పుపట్టింది. కాబట్టి ఫొటోలో తేదీలు కూడా చూడాలి. లెటరు తేదీ, డబ్బు పడిన తేదీ, మొదటి వాయిదా తేదీ మూడూ రాసి పెట్టుకుంటే వడ్డీ ఎన్ని రోజులకు వేశారో లెక్కపెట్టొచ్చు.

పాత మెలిక

ముందు చెబుతానన్న మెలిక ఇదే. ఇదే లోనును 24 శాతం అనకుండా 13.44 శాతం అని కూడా రాయొచ్చు, ఒక్క రూపాయి మారకుండా. వడ్డీ 26,888ని మొదటి లక్ష మీద రెండేళ్లకు పంచితే ఏడాదికి 13.44. దీన్ని ఫ్లాట్ రేటు అంటారు. నెలకు నూటికి రూపాయి పన్నెండు పైసలే అని వినిపిస్తుంది. తీర్చేసిన అసలు మీద కూడా చివరి నెలదాకా వడ్డీ వేస్తున్నారన్నది వినిపించదు.

ఫొటోలో ఫ్లాట్ అన్న మాట లేకపోయినా కనిపెట్టొచ్చు. రేటు 13.44 అని రాసి ఉంటే పైన ఇచ్చిన మొదటి ఫార్ములాలో దాన్నే పెట్టండి. తగ్గుతున్న బాకీ మీద అయితే వాయిదా 4,775 రావాలి. లెటరులో 5,287 ఉంది. అయిదు వందల తేడా మసక అంకె వల్ల రాదు. వాయిదాల పట్టిక జతచేసి ఉంటే ఇంకా తేలిక: వడ్డీ గడిలో అంకె నెలనెలా తగ్గుతూ రావాలి, ప్రతి నెలా ఒకటే ఉంటే అది ఫ్లాట్.

ఈ విషయంలో తెలుగు నేల దేశానికి పాఠం నేర్పింది, అదీ చాలా ఖరీదుగా. 2010లో మైక్రోఫైనాన్స్ అప్పుల ఒత్తిడి, వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను కుదిపేశాయి. అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత అది చట్టమైంది. రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఆ ఏడాది చివర వచ్చిన నిబంధనల్లో మైక్రోఫైనాన్స్ కంపెనీలు మూడే మూడు తీసుకోవాలన్నారు: వడ్డీ, ఒక శాతం మించని ప్రాసెసింగ్ ఫీజు, అయినంత మేరకే బీమా ప్రీమియం. నాలుగో పద్దు ఉండకూడదు. పద్దులు తక్కువైతే దాచే చోటు తక్కువ, అందుకే నా దృష్టిలో అది గట్టి నియమం. 2022లో కొత్త నిబంధనలు వచ్చి ఆ పరిమితులను ఎత్తేశాయి. బదులుగా, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు తాకట్టు లేకుండా ఇచ్చే అప్పులన్నిటికీ ధరలు చూపే పత్రం తప్పనిసరి చేశారు, ముందుగా తీర్చేస్తే జరిమానా ఉండకూడదన్నారు. ధర ఎంతుండాలో చెప్పడం మాని, ధర ఎంతో చూపించమన్నారు. చూపించినదాన్ని చదివే భారం అప్పు తీసుకునేవాళ్ల మీద పడింది.

పత్రం ఇచ్చారా

2024 అక్టోబరు 1 నుంచి మంజూరైన వ్యక్తిగత, చిన్న వ్యాపార టర్మ్ లోన్లన్నిటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అందుకే శాంక్షన్ లెటరు ఫొటో రాగానే అడగాల్సిన మొదటి మాట, దీంతోపాటు కేఎఫ్ఎస్ ఏది అని. తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలన్నది నియమం కాబట్టి తెలుగులో అడగొచ్చు. అందులో చార్జీలు రెండు గడుల్లో ఉంటాయి, సంస్థకు కట్టేవి ఒకవైపు, సంస్థ ద్వారా బయటివాళ్లకు పోయేవి ఇంకోవైపు. ఆ కిందే వార్షిక రేటు, ఏపీఆర్ అని ఉంటుంది. వారం, అంతకు మించిన గడువున్న లోనుకు ఆ పత్రం కనీసం మూడు పనిదినాలు చెల్లాలి. ఈ లోపు సంతకం పెట్టకుండా నాలుగు చోట్ల అడిగి చూసుకోవచ్చు, ఆ మూడు రోజుల్లో షరతులు మారవు. ఈ రోజే సంతకం పెట్టకపోతే ఆఫరు పోతుందని తొందరపెట్టేవారికి ఇదే జవాబు. పత్రంలో లేని చార్జీని ఆమె స్పష్టమైన సమ్మతి లేకుండా తర్వాత ఎప్పుడూ వేయడానికి లేదు.

అయితే ఏపీఆర్ అన్నీ చెప్పదు. వాయిదాలన్నీ తేదీకి కట్టి, గడువు చివరిదాకా లోను నడిపితే అయ్యే రేటు అది. వాయిదా తప్పితే పడే చార్జీ, చెక్కు తిరిగితే పడే చార్జీ అందులో ఉండవు, అవి పత్రంలో వేరే వరుసలో ఉంటాయి. లోను తొందరగా తీర్చేస్తే అయ్యే రేటు కూడా అందులో ఉండదు. చాలామంది ఊహించనిది ఇదే కాబట్టి మన టైలరింగ్ షాపు లెక్కతోనే చూద్దాం.

పెళ్లిళ్ల సీజను బాగా నడిచి ఆరు నెలలకే ఆమె మిగిలిన బాకీ మొత్తం కట్టేసిందనుకోండి. అప్పటికి బాకీ 79,264. ఆరు వాయిదాలు, ఆ పైన ఈ మొత్తం, చేతికొచ్చింది 92,920. ముందుగా తీర్చినందుకు కంపెనీ ఒక్క పైసా జరిమానా వేయకపోయినా రేటు 41 శాతానికి ఎక్కుతుంది, మూడు రూపాయల నలభై నాలుగు పైసల మిత్తి. రెండేళ్లకు పరచుకోవాల్సిన ఏడు వేలు ఆరు నెలల మీదే పడ్డాయి. ఆమెకు నష్టమని కాదు దీనర్థం. ముందు కట్టేయడం వల్ల మిగతా పద్దెనిమిది నెలల వడ్డీ తప్పింది, కోసిన చార్జీలు ఎలాగూ పోయినవే. నష్టం ఇంకోచోట ఉంది. ఆరు నెలలకోసారి పాత లోను మూసి కొంచెం పెద్దది రాస్తామంటూ వచ్చే టాప్-అప్‌లలో. ప్రతిసారీ కొత్త ప్రాసెసింగ్ ఫీజు, కొత్త బీమా, కొత్త డాక్యుమెంటేషన్. లెటరు మీద రేటు 24 అనే ఉంటుంది. అలా రెండేళ్లలో నాలుగు లెటర్లు తీసుకున్నవాళ్లు కట్టేది మాత్రం నలభై దాటిన రేటే.

కాబట్టి టాప్-అప్ లెటరు చదివేటప్పుడు చేతికొచ్చే మొత్తాన్ని జాగ్రత్తగా తీయాలి. లోను 1,20,000 అని ఉంటుంది. పాత బాకీ 79,264, కొత్త చార్జీలు పోగా ఖాతాలో ముప్పై రెండు, ముప్పై మూడు వేలే పడతాయి. ఈ డబ్బు నిజంగా ఎంతకు వస్తోందో తెలియాలంటే కొత్త చార్జీలన్నిటినీ ఆ ముప్పై రెండు వేల పక్కన పెట్టి చూడాలి, లక్షా ఇరవై వేల పక్కన కాదు.

లెక్క కట్టాక తేడా తేలితే, కేఎఫ్ఎస్‌లో ఏపీఆర్ 28.5 అని ఉండి చేతికొచ్చిన డబ్బు ప్రకారం 31.9 వస్తే, చేయాల్సిన పని చిన్నదే. లెటరు, కేఎఫ్ఎస్, బ్యాంకు మెసేజ్ మూడింటినీ జతచేసి, తేడా ఎంతో ఒక వాక్యంలో రాసి సంస్థ ఫిర్యాదుల అధికారికి పంపాలి. ఆ అధికారి ఫోన్ నంబరు కేఎఫ్ఎస్ రెండో భాగంలోనే ఉంటుంది. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. దానికి వెబ్‌సైటు cms.rbi.org.in, వివరాలకు ఫోన్ 14448. ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. సంస్థకు ఫిర్యాదు పంపిన తేదీకి రుజువు మాత్రం ఉండాలి, అందుకే ఫోన్లో చెప్పి ఊరుకోకుండా ఈమెయిల్‌గానో, బ్రాంచి ముద్ర వేయించుకున్న కాగితంగానో ఇవ్వాలి.